డెమో వీడియో నెరేషన్: వాక్యాన్ని క్లిక్ దగ్గర నుంచి వెనక్కి రాయండి

ప్రశ్న: మా యాప్‌కి ఒకటిన్నర నిమిషం డెమో వీడియో చేశాను. స్క్రీన్ రికార్డింగ్ అయిపోయింది, నెరేషన్ నేనే రాసి చదువుతున్నాను. మొదట్లో బాగానే కుదురుతుంది, సగానికి వచ్చేసరికి నా మాట స్క్రీన్ కంటే నాలుగైదు సెకన్లు వెనకబడుతోంది. వేగంగా చదివితే అర్థం కావట్లేదంటున్నారు. ప్రతి క్లిక్‌కీ మాటకీ మధ్య తేడా రెండు మూడు సెకన్లు దాటకుండా స్క్రిప్ట్ ఎలా రాయాలి?

జవాబు:

మీ గొంతులో తప్పు లేదు, స్క్రిప్ట్‌లో బాకీ ఉంది. మొదటి క్లిక్ దగ్గర ఒక సెకను ఎక్కువ మాట్లాడారు, అది రెండో క్లిక్ నెత్తిన పడింది. అక్కడ ఇంకో సెకను కలిసింది. మధ్యలో ఎక్కడా తీర్చే చోటు లేదు కాబట్టి వీడియో సగానికి నాలుగైదు సెకన్లయింది. వేగంగా చదవడం అంటే ఆ బాకీని వినేవాళ్ల చేత కట్టించడమే. అందుకే నేను చదివే వేగాన్ని అసలు ముట్టుకోను. ఏ బాకీ ఏ స్క్రీన్‌లో పుట్టిందో అక్కడే తీరిపోయేలా వాక్యాలు రాస్తాను, అవసరమైతే వీడియోనే కాస్త సాగదీస్తాను.

స్క్రిప్ట్ ముట్టుకునే ముందు టైమ్ పట్టీ రాయాలి. వీడియోని మ్యూట్‌లో పెట్టి నెమ్మదిగా చూస్తూ, స్క్రీన్ మీద ఏది జరిగినా ఏ సెకనులో జరిగిందో రాసుకోండి. VLC లో చూస్తే E నొక్కిన ప్రతిసారీ ఒక్కో ఫ్రేమ్ ముందుకు కదులుతుంది, కచ్చితమైన క్షణం దొరుకుతుంది. పట్టీలో క్లిక్‌నీ దాని ఫలితాన్నీ వేర్వేరు వరుసల్లో రాయాలి. 'ప్లస్ నొక్కడం' ఒక వరుస, 'ఫారం తెరుచుకోవడం' ఇంకో వరుస. చాలామంది ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు, తర్వాతి తిప్పలన్నీ అక్కడే మొదలవుతాయి. ఎందుకంటే క్లిక్ గురించి మాట క్లిక్ కంటే ముందు మొదలవ్వాలి, ఫలితం గురించి మాట ఫలితం కనిపించాకే రావాలి. మీరడిగిన రెండు మూడు సెకన్ల వెసులుబాటు ఈ రెండింటికీ ఒకేలా ఉండదు. క్లిక్‌కి రెండు మూడు సెకన్ల ముందు నోరు విప్పితే చూసేవాళ్లకి మేలు, కళ్లు ఆ చోటుకి చేరుకుంటాయి. అదే 'మీ ఫైల్ సేవ్ అయింది' అని ఒక్క సెకను ముందే అనేస్తే, స్క్రీన్ మీద ఇంకా చక్రం తిరుగుతూంటుంది, మీ మాట అబద్ధంలా వినిపిస్తుంది.

ఫోన్ యాప్ అయితే ఈ ముందు చెప్పడం ఇంకా ముఖ్యం. కంప్యూటర్ మీద మౌస్ బాణం బటన్ వైపు కదులుతూ వస్తుంది కాబట్టి చూసేవాళ్లకి ఒక సూచన ఉంటుంది. ఫోన్ రికార్డింగ్‌లో వేలు కనబడదు, ఉన్నట్టుండి స్క్రీన్ మారిపోతుంది. ఆండ్రాయిడ్‌లో Developer options లో Show taps ఆన్ చేసి రికార్డ్ చేస్తే తాకిన చోట చుక్క కనిపిస్తుంది, పట్టీ రాయడానికి కూడా అది పనికొస్తుంది. కానీ చుక్క వచ్చేది తాకినప్పుడే, అంతకు ముందు కాదు. ఆ లోటు తీర్చాల్సింది మీ మాటే.

ఇక్కడ తెలుగు మనకి బాగా కలిసొస్తుంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. 'కింద కుడి మూల ఉన్న ప్లస్ గుర్తును నొక్కండి' అన్నప్పుడు ముందు చోటు, తర్వాత వస్తువు, చివర పని. చూసేవాళ్ల కన్ను కూడా సరిగ్గా ఆ వరుసలోనే కదులుతుంది. కాబట్టి 'నొక్కండి' అనే మాట క్లిక్ మీద పడేలా చూసుకుని, మిగతా వాక్యాన్ని అక్కడి నుంచి వెనక్కి పరచండి. వాక్యం ఎప్పుడు మొదలవుతుందన్నది మీరు నిర్ణయించేది కాదు, దాని పొడవు నిర్ణయిస్తుంది. మూడు సెకన్ల వాక్యమైతే క్లిక్‌కి మూడు సెకన్ల ముందు మొదలవుతుంది, అంతే.

మరి వాక్యం ఎన్ని సెకన్లో ఎలా తెలుస్తుంది? నిమిషానికి ఇన్ని పదాలు అనే లెక్క ఇంగ్లిష్ స్క్రిప్టుల వాళ్లది. మనకది పనికిరాదు. 'వెళ్లు' ఒక పదమే, 'వెళ్లాల్సివస్తుందనుకుంటే' కూడా ఒక పదమే. అందుకే పలికే అక్షరాలు లెక్కపెట్టండి. పొల్లు అక్షరాలని విడిగా లెక్కపెట్టొద్దు, 'ప్లస్' ఒకటి, 'క్యాలెండర్' మూడు. డెమోలకి నేను చదివే నిదానంలో సెకనుకి 5 అక్షరాలు పడతాయి. కబుర్లాడేటప్పుడు ఇంతకంటే బాగా ఎక్కువే పలుకుతాం, కానీ కొత్త యాప్ చూస్తున్న మనిషికి ఆ వేగం పనికిరాదు. మీ వేగం మీరే కొలుచుకోండి. మీ స్క్రిప్ట్‌లోంచే 100 అక్షరాల ముక్క తీసుకుని, ఎదుటి మనిషికి చూపిస్తున్నట్టు చదివి, టైమర్ చూడండి. 20 సెకన్లు పడితే మీదీ 5 అన్నమాట. ఈ ఒక్క సంఖ్య చేతిలో ఉంటే రికార్డ్ చేయకముందే ఏ వాక్యం పట్టదో కాగితం మీదే తెలిసిపోతుంది.

మొదటి రాతప్రతుల్లో నాకు ఎక్కువగా కనిపించే తరహా వాక్యం ఇది: 'ఇప్పుడు మనం కొత్త రిమైండర్‌ను సృష్టించడం కోసం స్క్రీన్ కింది భాగంలో కుడివైపు కనిపిస్తున్న ప్లస్ గుర్తుపై క్లిక్ చేయాల్సి ఉంటుంది.' లెక్కపెడితే 43 అక్షరాలు, అంటే ఎనిమిదిన్నర సెకన్లు. పైన చెప్పిన 'కింద కుడి మూల ఉన్న ప్లస్ గుర్తును నొక్కండి' 15 అక్షరాలు, మూడు సెకన్లు. రెండూ చెప్పేది ఒకటే. తేడా అంతా 'ఇప్పుడు మనం', 'కోసం', 'కనిపిస్తున్న', 'చేయాల్సి ఉంటుంది' లాంటి వాటిలో ఉంది. కాగితం మీద ఇవి మర్యాదగా కనిపిస్తాయి, టైమ్‌లైన్ మీద సెకన్లు తినేస్తాయి. మీ స్క్రిప్ట్‌లో 'చేయాల్సి ఉంటుంది' ఎన్నిసార్లుందో ఒకసారి వెతకండి. ప్రతిదాన్నీ 'చేయండి' అని మార్చినా వీడియో మొత్తం మీద చాలా సెకన్లు మిగులుతాయి.

ఇప్పుడొక ముక్కని పూర్తిగా కట్టి చూద్దాం. రిమైండర్ యాప్ ఒకటి అనుకోండి. నా పట్టీ ఇలా ఉంది. 5వ సెకనులో ప్లస్ నొక్కాను, 6లో ఫారం తెరుచుకుంది. 8 నుంచి 13 దాకా Title గడిలో టైప్ చేశాను. 14లో తేదీ గడి తాకాను, 15లో క్యాలెండర్ వచ్చింది, 17లో రోజు ఎంచుకున్నాను. 19లో Repeat ఆన్ చేశాను, 21లో Save నొక్కాను. 25 దాకా చక్రం తిరిగింది, అప్పుడు జాబితాలో కొత్త రిమైండర్ కనిపించింది.

మొదటి వాక్యం మూడు సెకన్లది, కాబట్టి 2వ సెకనులో మొదలై 5లో 'నొక్కండి' దగ్గర ఆగుతుంది. ఆ తర్వాత రెండు సెకన్లు ఏమీ మాట్లాడను. ఫారం తెరుచుకోగానే కన్ను దాన్ని చదువుతుంది, చెవి ఆ సమయంలో ఖాళీగా ఉండాలి. కొత్తగా రాసేవాళ్లకి ఈ నిశ్శబ్దం అంటే టెన్షన్, ఏదో ఒకటి చెప్పి పూడ్చేస్తారు. పూడ్చకండి, బాకీ తీరే చోట్లు ఇవే.

టైపింగ్ అయిదు సెకన్లు. టైప్ చేస్తున్న అక్షరాలని మళ్లీ చదివి వినిపించడం దండగ, అవి కనిపిస్తూనే ఉన్నాయి. 'దేని గురించి గుర్తు చేయాలో Title గడిలో రాయండి. ఒక్క ముక్క చాలు.' ఇది 24 అక్షరాలు. 7లో మొదలుపెడితే 12 లోపే అయిపోతుంది.

తర్వాతిది నాకు నచ్చిన వాక్యం: 'తేదీ మీద నొక్కితే క్యాలెండర్ వస్తుంది.' 13 అక్షరాలు, రెండున్నర సెకన్లు. 12.5 దగ్గర మొదలుపెట్టాను. 'నొక్కితే' అనే మాట ఏడో అక్షరంతో ముగుస్తుంది, అంటే సరిగ్గా 14వ సెకను మీద, తేదీ గడి తాకిన చోట. 'వస్తుంది' అనేటప్పటికి 15, క్యాలెండర్ వచ్చేసింది. క్లిక్‌నీ ఫలితాన్నీ ఒకే వాక్యంలో పెట్టాలంటే ఈ 'తే' రూపం బాగా పనిచేస్తుంది. ఫలితం ఒక్క సెకనులో వచ్చేటప్పుడే సుమా. లోడ్ అవడానికి మూడు సెకన్లు పడితే 'వస్తుంది' అనే మాట గాల్లో వేలాడుతుంది, అప్పుడు రెండు వాక్యాలుగా విడగొట్టాలి.

'రోజు ఎంచుకోండి' అంటే 6 అక్షరాలు, 16కి కాస్త ముందు మొదలై 17లో ముగుస్తుంది. ఇక్కడిదాకా సాఫీగానే ఉంది.

చిక్కు Repeat దగ్గర వస్తుంది. 'ప్రతి నెలా రావాలంటే Repeat ఆన్ చేయండి' అన్నదానికి 14 అక్షరాలు, దాదాపు మూడు సెకన్లు కావాలి. నాకున్నది 17 నుంచి 19 దాకా రెండు సెకన్లే. చెబితే 20 దాకా సాగుతుంది, Save కి ఊపిరి పీల్చుకునే చోటు కూడా మిగలదు. ఇదీ బాకీ పుట్టే క్షణం. 'ప్రతి నెలా రావాలంటే' తీసేస్తే వాక్యం పడుతుంది, కానీ ఆ బటన్ ఎందుకుందో చెప్పే మాట అదొక్కటే. దాన్ని తీసేస్తే మిగిలేది చూసేవాళ్లకి ఎలాగూ కనిపిస్తున్నదే.

కాబట్టి ఇక్కడ స్క్రిప్ట్ కాదు, వీడియో వంగాలి. 18వ సెకను దగ్గర ఫ్రేమ్‌ని రెండు సెకన్లు నిలిపాను. చాలా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లలో ఫ్రీజ్ ఫ్రేమ్ ఉంటుంది. స్క్రీన్ మీద ఏదీ కదలని చోట నిలిపితే ఎవరికీ తెలియదు. చక్రం తిరుగుతున్నప్పుడో, మెనూ జారుతున్నప్పుడో, కర్సర్ మిణుకుమంటున్నప్పుడో నిలిపితే మాత్రం వీడియో ఇరుక్కుపోయినట్టుంటుంది. ఇప్పుడు Repeat 21కి జరిగింది, Save 23కి జరిగింది. వాక్యం 18 దాటగానే మొదలై 21లో 'ఆన్ చేయండి' అని ముగుస్తుంది. ఒక ఊపిరి, తర్వాత 'Save నొక్కండి', 23 మీద. చక్రం తిరిగేది 23 నుంచి 27 దాకా. అందులో మధ్య రెండు సెకన్లు కత్తిరించాను. జాబితా మళ్లీ 25లోనే కనిపించింది. అరువు తెచ్చుకున్న రెండు సెకన్లు అక్కడే తీరిపోయాయి, ఆ తర్వాతి పట్టీలో ఒక్క అంకె కూడా మార్చనక్కర్లేదు. 25.5 దగ్గర 'జాబితాలో మీ రిమైండర్ చేరింది' అంటే సరిపోతుంది.

చక్రాన్ని కత్తిరించడం మీద ఒక మాట. వీడియో చెప్పేదే 'మా యాప్ ఎంత వేగమో చూడండి' అయితే దాన్ని ముట్టుకోకూడదు, అది మోసం. వాడే పద్ధతి చూపించే వీడియోలో నేను కత్తిరిస్తాను, కానీ మొత్తం తీసేయను. కాసేపు తిరుగుతుందని చూసేవాళ్లకి తెలియాలి, లేకపోతే వాళ్ల ఫోన్‌లో తిరిగినప్పుడు ఏదో పాడైందనుకుంటారు.

పై వాక్యాల్లో Repeat, Save అని స్క్రీన్ మీద ఉన్న మాటే వాడానని గమనించే ఉంటారు. యాప్ ఇంగ్లిష్‌లో ఉంటే 'పునరావృతం' అని చెప్పొద్దు, చూసేవాళ్లు ఆ మాట కోసం స్క్రీన్ అంతా వెతుకుతారు. ఆ వెతుకులాటకి పట్టే సెకన్లు కూడా ఆలస్యమే, మీ టైమ్‌లైన్‌లో కనబడదంతే. ఇంకొకటి, 'ఇక్కడ', 'ఇది', 'దీన్ని' అనే మాటల్ని నేను దాదాపు మానేశాను. కారణం చెబుతాను. చాలా ఏళ్ల కిందట సిబ్బంది శిక్షణ కోసం ఒక వీడియో చేశాను. అందులో 'ఇప్పుడు దీన్ని నొక్కండి' అని ఒక వాక్యం మూడు సెకన్లు ఆలస్యంగా పడింది. ఆ పాటికి స్క్రీన్ మారిపోయింది, ముందు స్క్రీన్‌లో Next ఉన్న చోటే కొత్త స్క్రీన్‌లో Delete ఉంది. వీడియో చూస్తూ చేసినవాళ్లలో ఇద్దరు ఎంట్రీలు పోగొట్టుకున్నారు. 'Next నొక్కండి' అని ఉంటే అదే మూడు సెకన్ల ఆలస్యంలో కూడా ఏమీ అయ్యేది కాదు, స్క్రీన్ మీద Next లేదని ఆగేవాళ్లు. పేరు పెట్టి చెప్పిన వాక్యం ఆలస్యాన్ని కొంత తట్టుకుంటుంది. 'ఇది' అన్న వాక్యం అర సెకను కూడా తట్టుకోదు.

స్క్రిప్ట్ అయ్యాక వెంటనే మైకు ముందుకి వెళ్లొద్దు. దాన్ని సబ్‌టైటిల్ ఫైల్‌గా రాసి, వీడియో మీద పెట్టి, చూస్తూ పైకి చదవండి. మామూలు నోట్‌ప్యాడ్ చాలు:

```
1
00:00:02,000 --> 00:00:05,000
కింద కుడి మూల ఉన్న ప్లస్ గుర్తును నొక్కండి.

2
00:00:07,000 --> 00:00:12,000
దేని గురించి గుర్తు చేయాలో Title గడిలో రాయండి. ఒక్క ముక్క చాలు.
```

వీడియో పేరు demo.mp4 అయితే దీన్ని demo.srt అని అదే ఫోల్డర్‌లో, UTF-8 లో సేవ్ చేస్తే VLC తనంతట తానే తీసుకుంటుంది. చదువుతుండగా వాక్యం మాయమైపోతే అది పట్టలేదన్నమాట. ఆ వాక్యానికి గుర్తు పెట్టి ముందుకెళ్లండి, ఆగి సరిచేయడం మొదలుపెడితే మిగతావి ఎలా ఉన్నాయో తెలియదు. నా అనుభవంలో ఈ దశలో మూడు నాలుగు వాక్యాలు తేలతాయి. కాగితం మీద లెక్క సరిపోయినా నోరు తిరగని చోట్లు కొన్ని ఉంటాయి, వాటిని పట్టుకునేది ఇక్కడే.

రికార్డింగ్‌లో వాక్యానికో ముక్కగా చదవండి, ఒకటిన్నర నిమిషం ఏకధాటిగా వద్దు. ఎడిటర్‌లో ప్రతి ముక్కనీ పెట్టేటప్పుడు దాని మొదలు చూడకండి. 'నొక్కండి' ఉన్న చోటు తరంగంలో కనిపిస్తుంది, దాన్ని క్లిక్ ఫ్రేమ్ మీదకి జరపండి. ఒక రోజు కాస్త నిదానంగా చదివినా వాక్యం కాస్త ముందే మొదలవుతుందే తప్ప క్లిక్ తప్పదు. ముక్కల మధ్య పూర్తి నిశ్శబ్దం పెడితే శబ్దం తెగిపోయినట్టు వినిపిస్తుంది కాబట్టి, అదే గదిలో ఏమీ మాట్లాడకుండా 10 సెకన్లు రికార్డ్ చేసుకుని ఆ ఖాళీల్లో పరిచేయండి. యాప్‌లో రేపు ఒక బటన్ పేరు మారినా, ఆ ఒక్క ముక్క మళ్లీ చదివితే చాలు.

స్క్రీన్ రికార్డింగ్ మళ్లీ చేసే వీలుంటే ఇంకో దారి ఉంది. ముందు గొంతు రికార్డ్ చేసి, దాన్ని ఇయర్‌ఫోన్‌లో వింటూ యాప్ నడిపించడం. 'నొక్కండి' వినబడగానే నొక్కుతారు. చిన్న డెమోలకి నేనూ ఇదే చేస్తాను. సర్వర్ ఎంతసేపు తీసుకుంటుందో తెలియని యాప్‌లకి మాత్రం ఇది కుదరదు, ఒకచోట లోడింగ్ సాగితే అక్కడినుంచి అంతా జారిపోతుంది.

అయిపోయాక సరిచూడటానికి నేను చేసేది ఇది. వీడియో నడుస్తుండగా స్క్రీన్ వైపు చూడకుండా ఎక్కడో ఒకచోట ఆపుతాను. చివరిగా వినిపించిన వస్తువు పేరు గుర్తు పెట్టుకుని, అప్పుడు స్క్రీన్ చూస్తాను. ఆ వస్తువు స్క్రీన్ మీద ఉండాలి. లేకపోతే, మాట వెనకబడిందో ముందుకురికిందో, ఏదో ఒకటి జరిగింది. ఇలా ఒక పదిచోట్ల ఆపి చూస్తే సరిపోతుంది. సెకన్లు కొలవడం కంటే ఇదే నమ్మకమైన పరీక్ష, ఎందుకంటే చూసేవాళ్లని తికమక పెట్టేది రెండు సెకన్లా మూడు సెకన్లా అన్నది కాదు, చెబుతున్న వస్తువు కళ్లముందు లేకపోవడం.

ఇవన్నీ చేసినా మాట క్రమంగా జారిపోతుంటే, అప్పుడు అనుమానించాల్సింది ఫైల్‌ని. ఫోన్‌లో చేసే స్క్రీన్ రికార్డింగ్‌లలో చాలావాటికి ఫ్రేమ్ రేటు స్థిరంగా ఉండదు, స్క్రీన్ కదలనప్పుడు ఫ్రేములు తగ్గిపోతాయి. కొన్ని ఎడిటర్లు దీన్ని సరిగా అర్థం చేసుకోవు. తేల్చుకోవడం తేలికే. వీడియో చివర్లో ఉన్న ఒక క్లిక్ VLC లో ఏ సెకనులో ఉందో, ఎడిటర్ టైమ్‌లైన్ మీద ఏ సెకనులో ఉందో పోల్చండి. రెండూ ఒకటే అయితే తప్పు స్క్రిప్ట్‌లో ఉంది. మొదట్లో తేడా లేకుండా చివర్లో సెకన్ల తేడా కనిపిస్తే తప్పు ఫైల్‌లో ఉంది, ఎన్ని వాక్యాలు కుదించినా అది తగ్గదు. ఎడిటర్‌లోకి తీసుకునే ముందే, టెర్మినల్‌లో నడిచే ffmpeg అనే ప్రోగ్రామ్‌తో స్థిరమైన ఫ్రేమ్ రేటుకి మార్చేయండి:

```
ffmpeg -i demo.mp4 -vf fps=30 demo_30.mp4
```

ఇక మీద పట్టీ రాయడానికీ, చదివి చూడటానికీ, ఎడిటింగ్‌కీ ఈ కొత్త ఫైలే వాడండి. పాత ఫైల్‌తో రాసిన పట్టీ మీ దగ్గరుంటే, చివరి మూడు నాలుగు క్లిక్‌లనైనా కొత్త ఫైల్‌లో మళ్లీ చూసి, అంకెలు కలుస్తున్నాయో లేదో సరిపోల్చుకోండి.